రింగు ఆరోమాటికా, యాంటీనా, నాన్‌నా: లెక్కపెట్టే ముందు ఏం చూడాలి

ఎనిమిది కార్బన్ల రింగు గీసి, ఒకటి విడిచి ఒకటి నాలుగు డబుల్ బాండ్లు పెట్టి "ఇదేంటి?" అని అడిగితే, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే. "ఎనిమిది π ఎలక్ట్రాన్లు సార్, 4n లో n రెండు, అంటే యాంటీఆరోమాటిక్." లెక్క కరెక్టే, జవాబు మాత్రం తప్పు. ఆ తప్పు వాళ్లది కాదు, మనం నేర్పే వరసది. 4n+2 ఎలక్ట్రాన్లయితే రింగుకి అదనపు స్థిరత్వం, అది ఆరోమాటిక్, 4n అయితే నష్టం, అది యాంటీ అనే సూత్రం ముందు చెప్పి, రింగు చదునుగా ఉండాలి అన్న షరతుని చివర్లో ఒక్క ముక్కలో చెప్పేసి వెళ్లిపోతాం. పరీక్ష హాల్లో పిల్లలకి గుర్తుండేది సూత్రమే, షరతు కాదు.

విశాఖలో ఎంవీపీ కాలనీలో మా ఇంటి ముందు గదిలో సాయంత్రాలు ఇంటర్, డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను వాడే వరస ఇక్కడ రాస్తున్నాను. మూడు ప్రశ్నలు, ఈ వరసలోనే వేసుకోవాలి. రింగులో ప్రతి మూలకీ p ఆర్బిటాల్ ఉందా? ఉంటే, ఆ ఆర్బిటాళ్లలో మొత్తం ఎన్ని ఎలక్ట్రాన్లు? అది తేలాక, రింగు నిజంగా చదునుగా ఉంటుందా, లేక వంగి తప్పించుకుంటుందా? ఒకదానికి జవాబు రాకుండా రెండోదానికి వెళ్లకండి.

మొదటి ప్రశ్న: గుండ్రంగా తిరిగే దారి ఎక్కడైనా తెగిందా?

పెన్ను మొన రింగులో ఒక మూల మీద పెట్టండి. ఆ పరమాణువుకి డబుల్ బాండ్ ఉందా, లేదంటే పాజిటివ్ చార్జో, నెగటివ్ చార్జో, లోన్ పెయిరో ఉందా చూడండి. వీటిలో ఏదో ఒకటి ఉంటే p ఆర్బిటాల్ దొరికే అవకాశం ఉంది. ఏదీ లేకుండా నాలుగూ సింగిల్ బాండ్లే అయితే అది sp3, అక్కడ దారి తెగిపోయింది. దండలో ఒక్కచోట దారం తెగితే చాలు కదా, మిగతా పూలన్నీ ఎంత బాగున్నా అది దండ కాదు. అలాంటి మూల ఒక్కటి కనపడినా వెంటనే నాన్ఆరోమాటిక్ అని రాసేసి ఆపేయండి, ఎలక్ట్రాన్లు లెక్కపెట్టే పనే లేదు.

ఇక్కడ పిల్లలు జారేది ఒక్కచోటే. గీతల బొమ్మలో హైడ్రోజన్లు కనపడవు. సైక్లోపెంటాడయీన్, C5H6, గీసినప్పుడు ఐదు మూలలు, రెండు డబుల్ బాండ్లు కనిపిస్తాయి. పైన ఖాళీగా ఉన్న ఐదో మూల నిజానికి CH2. దానికి రెండు పక్క కార్బన్లు, రెండు హైడ్రోజన్లు, మొత్తం నాలుగు సింగిల్ బాండ్లు. దారి అక్కడ తెగింది, కాబట్టి నాన్ఆరోమాటిక్. "నాలుగు ఎలక్ట్రాన్లున్నాయి కదా, యాంటీ" అని రాసినవాళ్లు ఆ CH2ని చూడలేదన్నమాట. అందుకే ఖాళీ మూల కనిపించిన ప్రతిసారీ హైడ్రోజన్లు పెన్సిల్‌తో గీయమంటాను. అర నిమిషం పని, కానీ సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

అదే CH2 నుంచి ఒక H+ తీసేయండి. ఇప్పుడు ఆ కార్బన్ దగ్గర ఒక జంట ఎలక్ట్రాన్లు మిగిలాయి, ఆ జంట p ఆర్బిటాల్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, తెగిన దారి అతుక్కుంటుంది, మొత్తం ఆరు ఎలక్ట్రాన్లు అవుతాయి. అందుకే సైక్లోపెంటాడయీన్ ఒక హైడ్రోకార్బన్ అయి ఉండి కూడా pKa సుమారు 16, అంటే దాదాపు నీళ్లంత ఆమ్లం. పక్కనే ఏడు కార్బన్ల సైక్లోహెప్టాట్రయీన్‌ని చూడండి, దానికీ ఒక CH2 ఉంది, దాని pKa మాత్రం 36 దగ్గర. బొమ్మలో అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, ఆమ్ల బలంలో తేడా మాత్రం ఒకటి పక్కన ఇరవై సున్నాలంత. కారణం ఏంటంటే, దీని నుంచి H+ తీస్తే వచ్చేది ఆరు కాదు, ఎనిమిది. అలాంటి అయాన్‌గా మారడం ఆ అణువుకి ఏమాత్రం ఇష్టం ఉండదు.

రెండో ప్రశ్న: ఎన్ని ఎలక్ట్రాన్లు?

కార్బన్ల వరకు ఇది సులువే. రింగులో ఉన్న ఒక్కో డబుల్ బాండ్‌కి రెండు, నెగటివ్ చార్జి ఉన్న కార్బన్‌కి రెండు, పాజిటివ్ చార్జి ఉన్న కార్బన్‌కి సున్నా. సున్నా అంటే దారి తెగినట్టు కాదు. అక్కడ ఆర్బిటాల్ ఉంది, ఖాళీగా ఉంది, ఎలక్ట్రాన్లు దాని మీదుగా తిరగగలవు. రింగులోని కార్బన్ నుంచి బయటికి C=O ఉంటే, ఆ డబుల్ బాండ్ ఎలక్ట్రాన్లని ఆక్సిజన్ తనవైపు లాక్కుంటుంది కాబట్టి ఆ కార్బన్‌కి కూడా సున్నా వేయండి. ఏడు కార్బన్ల రింగులో మూడు డబుల్ బాండ్లు, ఒక C=O ఉన్న ట్రోపోన్‌లో అందుకే ఎనిమిది కాదు, ఆరు.

ఇంకో చిన్న మాట. 4n+2 లో n అంటే కార్బన్ల సంఖ్య కాదు, రింగుల సంఖ్య కూడా కాదు. మీకొచ్చిన మొత్తం 2, 6, 10, 14, 18 ఈ వరసలో ఉందా, లేక 4, 8, 12, 16 వరసలో ఉందా, అంతే చూడాలి. n విలువ పేపర్ మీద కట్టాల్సిన అవసరమే లేదు.

అసలు తలనొప్పి లోన్ పెయిర్లతోనే. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో పిరిడీన్‌కి మూడు డబుల్ బాండ్లకి ఆరు, నైట్రోజన్ లోన్ పెయిర్‌కి రెండు, మొత్తం ఎనిమిది అని రాశాను. నాకు అప్పట్లో ఎవరూ ఇది చెప్పలేదు: లోన్ పెయిర్ ఉంటే సరిపోదు, అది ఏ దిక్కుకి చూస్తోందో కూడా తెలియాలి.

టేబుల్ మీద ఒక పళ్లెం పెట్టుకోండి, అదే రింగు తలం అనుకోండి. π ఎలక్ట్రాన్లు తిరిగేది పళ్లేనికి పైనా కిందా. పిరిడీన్ నైట్రోజన్ ఇప్పటికే రింగులో ఒక డబుల్ బాండ్‌లో ఉంది, అంటే పైకీ కిందికీ ఉండే తన p ఆర్బిటాల్‌ని ఆ డబుల్ బాండ్ కోసం ఇచ్చేసింది. ఒక పరమాణువు రింగుకి ఇవ్వగలిగేది ఒకే ఒక్క p ఆర్బిటాల్. కాబట్టి దాని లోన్ పెయిర్ పళ్లెం అంచు నుంచి బయటికి, బల్లపరుపుగా చూస్తూ ఉంటుంది. పైనా కిందా తిరిగే గుంపుతో దానికి సంబంధం లేదు, లెక్కలోకి రాదు. పిరిడీన్‌కి ఆరే.

పిర్రోల్‌లో కథ వేరు. అక్కడ నైట్రోజన్‌కి రింగులో డబుల్ బాండ్ లేదు, రెండు పక్క కార్బన్లు, ఒక హైడ్రోజన్ ఉన్నాయి. రెండు డబుల్ బాండ్ల నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు ఉన్నాయి, దారి పూర్తవ్వాలంటే నైట్రోజన్ తన జంటని p ఆర్బిటాల్‌లో పెట్టాలి. పెడితే ఆరు అవుతుంది కాబట్టి పెడుతుంది. కొన్ని గైడుల్లో "నైట్రోజన్ sp3, కాబట్టి నాన్" అని చూశాను, అది తప్పు. మామూలు అమీన్‌లో అయితే నైట్రోజన్ sp3 నే, ఇక్కడ ఆరోమాటిక్ అయ్యే లాభం కోసం sp2 గా మారుతుంది.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: ఆ పరమాణువు రింగులో ఇప్పటికే డబుల్ బాండ్‌లో ఉంటే దాని లోన్ పెయిర్ లెక్కలోకి రాదు, లేకపోతే ఒక్క జంట రావచ్చు. ఫ్యూరాన్ ఆక్సిజన్‌కి రెండు జంటలున్నా లెక్కలోకి వచ్చేది ఒక్కటే, రెండోది పళ్లెం తలంలోనే ఉండిపోతుంది.

ఇమిడజోల్‌తో మీకు మీరే పరీక్ష పెట్టుకోండి. ఐదు మూలల రింగు, రెండు నైట్రోజన్లు, రెండు డబుల్ బాండ్లు. ఒక నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఉంది, డబుల్ బాండ్ లేదు, అది పిర్రోల్ రకం, రెండు ఇస్తుంది. రెండోది డబుల్ బాండ్‌లో ఉంది, హైడ్రోజన్ లేదు, అది పిరిడీన్ రకం, లోన్ పెయిర్ ఇవ్వదు. నాలుగు, రెండు కలిపి ఆరు. లెక్క సరిగ్గా వేశామని ఎలా తెలుస్తుంది? క్షార గుణం చెప్తుంది. బయటికి చూస్తున్న లోన్ పెయిర్ ఆమ్లం నుంచి H+ ని హాయిగా పట్టుకోగలదు, రింగు గుంపులో కలిసిపోయిన జంట పట్టుకోవడానికి ఒప్పుకోదు. పట్టుకుంటే ఆరోమాటిక్ గుణం పోతుంది మరి. పిరిడీన్ క్షారం, దాని సంయుగ్మ ఆమ్లం pKa 5.2. పిర్రోల్ క్షారమే కాదన్నంత బలహీనం. ఇమిడజోల్ H+ ని పట్టుకునేది ఎప్పుడూ ఆ పిరిడీన్ రకం నైట్రోజన్‌తోనే, అక్కడ pKa దాదాపు 7. నా దగ్గర చదివి పరవాడ ఫార్మా సిటీలో చేరిన పిల్లలు ఈ ముక్క ఇప్పటికీ పనికొస్తోందంటారు. మెట్రోనిడాజోల్ లాంటి మాత్రలో ఉన్నది ఈ ఇమిడజోల్ రింగే, ఏ నైట్రోజన్ క్షారమో తెలియకపోతే ఆ అణువుతో ఏ పనీ సరిగ్గా చేయలేరు.

మూడో ప్రశ్న: చదునుగా ఉంటుందా, వంగుతుందా?

ఇప్పుడు మొదట్లో వదిలేసిన ఎనిమిది కార్బన్ల రింగు దగ్గరికి వద్దాం. పేరు సైక్లోఆక్టాటెట్రాయీన్, C8H8, మేం సీఓటీ అంటాం. మొదటి ప్రశ్నకి జవాబు అవును, ఎనిమిది మూలలూ sp2. రెండో ప్రశ్నకి ఎనిమిది. యాంటీఆరోమాటిక్ అని రాసే చెయ్యి ఆగాల్సింది సరిగ్గా ఇక్కడే.

మా దగ్గర ఒక పాత మోడల్ కిట్ ఉంది, నల్ల గుండ్లు, ప్లాస్టిక్ పుల్లలు. ఎనిమిది sp2 గుండ్లతో రింగు కట్టించి, దాన్ని నేల మీద పెట్టి అరచేత్తో చదునుగా నొక్కమంటాను. నొక్కుతుంటే పుల్లలు బిగుసుకుంటాయి, ఒకట్రెండు గుండ్ల నుంచి ఊడి వచ్చేస్తాయి కూడా. చెయ్యి తీయగానే రింగు తనంతట తాను ఎగిరి తొట్టి ఆకారంలోకి వచ్చేస్తుంది, ఎదురెదురు అంచులు రెండు పైకి, మిగతా రెండు కిందికి. పోయినేడాది ఒక అమ్మాయి మూడుసార్లు నొక్కి వదిలి, "ఇది చదునుగా ఉండనంటోంది సార్" అంది. నేను గంటసేపు చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు.

ఎందుకు ఉండనంటుంది? రెండు కారణాలు. మొదటిది కోణం. sp2 కార్బన్‌కి 120 డిగ్రీలు ఇష్టం, చదునైన అష్టభుజిలో లోపలి కోణం 135. తొట్టిలా వంగితే కోణం సుమారు 126 కి దిగుతుంది, ప్రాణానికి హాయి. రెండోది ఎలక్ట్రాన్లు. చదునుగా ఉంటే ఎనిమిది ఎలక్ట్రాన్లు చేరి యాంటీఆరోమాటిక్ అవ్వాల్సి వస్తుంది, అది శక్తిపరంగా నష్టం. వంగితే పక్కపక్క డబుల్ బాండ్ల p ఆర్బిటాళ్లు ఒకదానికొకటి అడ్డంగా తిరిగిపోతాయి, కలవవు, నాలుగు డబుల్ బాండ్లు ఎవరి దారిన అవి మామూలు ఆల్కీన్లలా ఉండిపోతాయి. నష్టమూ లేదు, లాభమూ లేదు. దాన్నే నాన్ఆరోమాటిక్ అంటాం.

ఇది ఊహ కాదు. 1911 లో విల్‌స్టాటర్ దీన్ని తయారుచేసినప్పుడు, బెంజీన్‌కి అన్నలా ఉంటుందనుకున్న పదార్థం బ్రోమిన్ రంగుని మామూలు ఆల్కీన్ లాగే పోగొట్టింది. బెంజీన్ ఉత్ప్రేరకం లేకుండా బ్రోమిన్‌ని పట్టించుకోదు. బాండ్ల పొడవులు కొలిచినా అంతే, బెంజీన్‌లో ఆరూ ఒకటే పొడవు, సుమారు 1.39 ఆంగ్‌స్ట్రామ్‌లు. సీఓటీలో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, 1.34 దగ్గర ఒకటి, 1.47 దగ్గర ఒకటి. ఎలక్ట్రాన్లు రింగంతా తిరగట్లేదని అవే చెప్తున్నాయి.

దీనికి ఇంకో ముఖం కూడా చూడండి, నాకు ఈ పాఠంలో బాగా నచ్చే భాగం ఇదే. సీఓటీకి పొటాషియం లోహంతో రెండు ఎలక్ట్రాన్లు అదనంగా ఇస్తే మొత్తం పది అవుతాయి. ఆ డైఆనయాన్ చదునుగా అయిపోతుంది! 135 డిగ్రీల ఇబ్బంది అలాగే ఉంది, దాని మీద రెండు నెగటివ్ చార్జీలు కూడా వచ్చిపడ్డాయి, అయినా ఆరోమాటిక్ అయ్యే లాభం ఆ కష్టాన్ని మించిపోయింది. అంటే ఇక్కడ రింగు ఆకారాన్ని నిర్ణయించింది ఎలక్ట్రాన్ల సంఖ్యే, మనం పేపర్ మీద గీసిన బొమ్మ కాదు.

మరి యాంటీఆరోమాటిక్ అనేది ఎప్పుడు రాయాలి? వంగి తప్పించుకునే చోటు లేనప్పుడు. సైక్లోబ్యూటాడయీన్‌లో నాలుగు మూలలు, నాలుగు ఎలక్ట్రాన్లు, అంత చిన్న రింగు తొట్టిలా వంగడానికి వీల్లేదు. సైక్లోపెంటాడయీనైల్ కాటయాన్ కూడా అంతే, ఐదు మూలలు, నాలుగు ఎలక్ట్రాన్లు, రింగు బిగువుగా చదునుగా ఉంటుంది. ఇవి నిజమైన యాంటీఆరోమాటిక్‌లు.

వీటికి అంత కష్టం ఎందుకో ఒక చిన్న బొమ్మతో తెలుస్తుంది. ఒక వృత్తం గీసి, దాంట్లో చతురస్రాన్ని ఒక మూల సరిగ్గా అడుగుకి వచ్చేలా పెట్టండి. మూలలు వృత్తాన్ని తాకే ఎత్తులే శక్తి స్థాయిలు. అడుగున ఒకటి, మధ్యలో ఒకే ఎత్తులో రెండు, పైన ఒకటి. నాలుగు ఎలక్ట్రాన్లు నింపితే అడుగున రెండు, మధ్యలో ఒక్కోదాంట్లో ఒక్కోటి. జంట దొరకని రెండు ఎలక్ట్రాన్లు, బాండ్‌కి ఏమాత్రం ఉపయోగపడని స్థాయిలో ఒంటరిగా కూర్చున్నాయి. ఆ స్థితిని భరించలేక సైక్లోబ్యూటాడయీన్ చతురస్రంగా కూడా ఉండదు, రెండు బాండ్లు పొట్టిగా, రెండు పొడుగ్గా దీర్ఘచతురస్రం అవుతుంది. దాన్ని గడ్డకట్టిన ఆర్గాన్‌లో బంధించి చూడాల్సి వచ్చింది, 35 కెల్విన్ దాటితే రెండేసి అణువులు కలిసిపోతాయి. అదే వృత్తంలో షడ్భుజి పెట్టి ఆరు ఎలక్ట్రాన్లు నింపి చూడండి, అడుగున ఒకటి, పైన రెండు స్థాయిలు, మూడూ నిండా నిండిపోతాయి, ఒంటరివి ఒక్కటీ ఉండదు. 4n+2 అని 1931 లో హ్యూకెల్ లెక్కల నుంచి వచ్చిన విషయం అసలు ఇదే.

కాబట్టి 4n వచ్చినప్పుడు రింగు సైజు చూడండి. నాలుగు, ఐదు మూలలైతే తప్పించుకోలేదు, యాంటీ. ఏడు, ఎనిమిది, ఆపైన అయితే, అడ్డుపెట్టేది ఏదీ లేకపోతే, వంగుతుంది, నాన్. పరీక్షల విషయంలో ఒక జాగ్రత్త. కొన్ని ప్రశ్నల్లో "సమతలంగా ఉందనుకుంటే" అని రాస్తారు, అప్పుడు సీఓటీకి కూడా యాంటీ అనే రాయాలి. సైక్లోహెప్టాట్రయీనైల్ ఆనయాన్‌ని చాలా పుస్తకాలు ఈ ఊహతోనే యాంటీ కింద వేస్తాయి. ప్రశ్న పూర్తిగా చదవండి.

చదును అన్న షరతు రెండో వైపు కూడా కోస్తుంది. పది కార్బన్లు, ఐదు డబుల్ బాండ్లు ఉన్న [10]ఆన్యులీన్‌కి పది ఎలక్ట్రాన్లు, సూత్రం ప్రకారం ఆరోమాటిక్ అవ్వాలి. కానీ అవ్వదు. అన్ని డబుల్ బాండ్లూ సిస్‌గా పెడితే కోణం 144 డిగ్రీలు కావాలి, అంత సాగదీతకి రింగు ఒప్పుకోదు. రెండింటిని ట్రాన్స్ చేస్తే కోణాలు సర్దుకుంటాయి గానీ రెండు హైడ్రోజన్లు రింగు లోపలికి వచ్చి, సీటు ఒకటే ఉంటే ఇద్దరు కూర్చోబోయినట్టు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. రింగు మెలి తిరుగుతుంది, నాన్ఆరోమాటిక్. ఆ రెండు హైడ్రోజన్లు తీసేసి వాటి చోట ఒక CH2 వంతెన కట్టి ఫోగెల్ 1964 లో చేసిన అణువు మాత్రం ఆరోమాటిక్‌గా తేలింది. లోపల చోటు ఎక్కువ ఉండే [18]ఆన్యులీన్‌లో లోపలి హైడ్రోజన్లకి తగువు లేదు, అది పద్ధెనిమిది ఎలక్ట్రాన్లతో ఆరోమాటిక్. ఎన్ఎంఆర్‌లో చల్లగా ఉంచి తీస్తే బయటి హైడ్రోజన్లు 9 ppm దాటి కనిపిస్తాయి, లోపలివి సున్నాకి కింద, −3 దగ్గర. రింగులో ఎలక్ట్రాన్లు నిజంగా గుండ్రంగా తిరుగుతున్నాయనడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా తేటగా కనిపించే సాక్ష్యం లేదు.

ఒకదాన్ని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం

1H-ఎజెపీన్ తీసుకోండి. ఏడు మూలల రింగు, ఒక మూల NH, మిగతా ఆరు కార్బన్లు, మూడు డబుల్ బాండ్లు. ఇది కావాలనే ఎంచుకున్నాను, ఎందుకంటే పిర్రోల్ బాగా వచ్చినవాళ్లు దీంట్లో పడిపోతారు.

మొదటి ప్రశ్న. ఆరు కార్బన్లూ డబుల్ బాండ్లలో ఉన్నాయి, ఒక్క CH2 కూడా లేదు. నైట్రోజన్‌కి డబుల్ బాండ్ లేదు కానీ లోన్ పెయిర్ ఉంది, కాబట్టి p ఆర్బిటాల్ ఇవ్వగలదు. దారి తెగలేదు, ముందుకి వెళ్లొచ్చు.

రెండో ప్రశ్న. మూడు డబుల్ బాండ్లకి ఆరు. నైట్రోజన్ డబుల్ బాండ్‌లో లేదు కాబట్టి పిర్రోల్ నియమం ప్రకారం దాని జంట కూడా వేస్తే మొత్తం ఎనిమిది. "నైట్రోజన్ ఉన్న రింగు, లోన్ పెయిర్ ఉంది, ఆరోమాటిక్" అని అలవాటుగా రాసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

మూడో ప్రశ్న. 4n వచ్చింది, రింగు ఏడు మూలలది, వంగగలదా? వంగగలదు, పడవలా వంగుతుంది. నైట్రోజన్ జంట మిగతా గుంపుతో కలవడం మానేస్తుంది. జవాబు నాన్ఆరోమాటిక్. పిర్రోల్‌లో అదే NH జంటని ఇచ్చింది, ఇక్కడ ఇవ్వట్లేదు. తేడా నైట్రోజన్‌లో లేదు, కలిపితే వచ్చే మొత్తంలో ఉంది. ఆరు అయితే ఇస్తుంది, ఎనిమిది అయితే వెనక్కి తీసుకుంటుంది.

ఇప్పుడు ఆ NH తీసేసి అక్కడ CH+ పెట్టండి, ట్రోపిలియం కాటయాన్ అవుతుంది. ఏడు మూలలే, మూడు డబుల్ బాండ్లే, ఖాళీ ఆర్బిటాల్‌కి సున్నా, మొత్తం ఆరు. రింగు చదునుగా, ఏడు బాండ్లూ సమానంగా ఉంటాయి. ఇది పేపర్ మీది మాట కాదని తెలియాలంటే ట్రోపిలియం బ్రోమైడ్‌ని చూడాలి. కార్బన్–బ్రోమిన్ సమ్మేళనం అంటే నీళ్లలో కరగని నూనెలాంటిది అనుకుంటాం, ఇది మాత్రం ఉప్పులా నీళ్లలో కరుగుతుంది, సిల్వర్ నైట్రేట్ వేస్తే వెంటనే అవక్షేపం వస్తుంది. ఐదు మూలల రింగులో ఇదే పని చేద్దామంటే కుదరదు, 5-అయొడోసైక్లోపెంటాడయీన్ వెండి అయాన్లు ఇచ్చినా తన అయొడైడ్‌ని వదలదు. వదిలితే నాలుగు ఎలక్ట్రాన్ల కాటయాన్ అయిపోవాలి.

ఈ పద్ధతి ఎక్కడి దాకా పనిచేస్తుంది

హ్యూకెల్ లెక్క ఒంటరి రింగుల కోసం వేసింది. రెండు రింగులు ఒక అంచుని పంచుకున్న నాఫ్తలీన్ వరకు దీన్ని బయటి చుట్టు మీద వేసుకోవచ్చు, బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు ఇవే, పది ఎలక్ట్రాన్లు, ఆరోమాటిక్. మన స్టీల్ ప్లాంట్‌లో బొగ్గుని కోక్ ఓవెన్లలో వెయ్యి డిగ్రీలు దాటించి కాల్చినప్పుడు ఉపఉత్పత్తులుగా బెంజీన్, నాఫ్తలీన్ లాంటివే వస్తాయంటే ఈ రింగుల గట్టితనం ఎంతో ఊహించుకోవచ్చు. కానీ పైరీన్ దగ్గర లెక్క బెసుకుతుంది. నాలుగు రింగులు, ఎనిమిది డబుల్ బాండ్లు, పదహారు ఎలక్ట్రాన్లు, 4n లోకి వస్తుంది, అయినా అది చదునైన, స్థిరమైన ఆరోమాటిక్ పదార్థం. దాని నడుమ ఉన్న రెండు కార్బన్లు ఒక్కోటి మూడేసి రింగులకి ఉమ్మడి, బయటి చుట్టులో తిరిగేవి పధ్నాలుగే. కాబట్టి బొమ్మలో మూడు రింగులు కలిసే మూల ఒక్కటి కనపడినా మొత్తం ఎలక్ట్రాన్లు కూడి 4n, 4n+2 తో తీర్పు చెప్పకండి, అక్కడ ఈ మూడు ప్రశ్నలు సరిపోవు.